స్తంభం పోయినా పిట్టగోడ వంకర పోకుండా

నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పోయిన ఎండాకాలంలో ఒక తమ్ముడు వచ్చి, "అన్నా, వచ్చే నెల మా పాత ఇల్లు కూలగొడుతున్నం. మా నాయినకు దాని ఫోటో పెద్ద ఫ్రేమ్ కట్టియ్యాలె. ముంగటున్న తీగలు, స్తంభం లేకుండ చేస్తవా?" అని అడిగాడు.

డంగుసున్నం గోడల రెండంతస్తుల ఇల్లు అది. ఇరుకు గల్లీ కావడంతో వైడ్ లెన్స్ వేసి మూల నుంచి ఫోటో తీశాను. గోడ ఏటవాలుగా దూరం పోతూ కనిపిస్తుంది. పైకిటికీ కుడి మూలను కరెంటు స్తంభం మూసేసింది. నాలుగు తీగలు పిట్టగోడను దాటి ఆకాశంలోకి వెళ్తున్నాయి.

ఫోటోషాప్‌లో ముందుగా లెన్స్ కరెక్షన్ చేశాను. వైడ్ లెన్స్ పిట్టగోడను సన్నగా విల్లులా వంచుతుంది. ఆ వంపు పోకముందే పని మొదలుపెడితే, మనం నేరుగా గీసే ప్రతి అతుకూ దాని పక్కన వంకరగా కనిపిస్తుంది. తర్వాత పైన ఒక ఖాళీ లేయర్ తెరిచి, పనంతా దాని మీదే చేశాను. అసలు ఫోటోను ముట్టుకోలేదు.

ఆకాశంలో తీగలు తీయడం తేలికే. స్పాట్ హీలింగ్ బ్రష్‌ను తీగ కంటే కొంచెమే లావుగా పెట్టి, ఒక చోట క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టుకుని ఇంకో చోట క్లిక్ చేస్తే మధ్యలో నేరుగా గీత పడుతుంది. తీగ కిందికి వేలాడుతుంది కాబట్టి చిన్న చిన్న ముక్కలుగా చేసుకుంటూ పోయాను. కానీ పిట్టగోడ దాకా అదే ఊపులో వెళ్లడం నా తప్పు. జూమ్ చేసి చూస్తే తీగ దాటిన నాలుగు చోట్లా గోడ అంచు కరిగినట్టుంది, సున్నం రంగు ఆకాశంలోకి పొగలా పాకింది. హీలింగ్ బ్రష్ చుట్టుపక్కల రంగులను కలుపుకుంటుంది. వెలుగు, చీకటి పక్కపక్కన ఉన్న చోట అదే కొంప ముంచుతుంది.

అక్కడ చేసింది చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి పాలిగొనల్ లాసోతో సరిగ్గా పిట్టగోడ అంచు వెంబడి, ఆకాశం వైపు సెలక్షన్ చేసి, అంచు కత్తిరించినట్టు రాకుండా అర పిక్సెల్ ఫెదర్ ఇచ్చాను. అంచు దగ్గర హీలింగ్ వదిలేసి, రంగులు కలపకుండా ఒక చోటిది ఉన్నదున్నట్టు ఇంకో చోట అద్దే క్లోన్ స్టాంప్ పట్టుకున్నాను. ముందు ఆకాశం వైపు అద్ది, సెలక్షన్ తిప్పి గోడ వైపు అద్దాను. బ్రష్ ఎంత జారినా రంగు గీత దాటలేదు.

అసలు పరీక్ష స్తంభంతోనే. చుట్టుపక్కల చూసి ఖాళీని తానే నింపే కంటెంట్ అవేర్ ఫిల్ వేస్తే కిటికీ సజ్జ మధ్యలో మెట్టులా విరిగింది. మామూలు క్లోన్ స్టాంప్‌తో ఎడమ నుంచి సజ్జ ముక్క తెచ్చి పెడితే మందం కలవలేదు. దూరం పోయేకొద్దీ సజ్జ సన్నబడాలి కదా! అందుకే వానిషింగ్ పాయింట్ ఫిల్టర్ తెరిచి, గోడ మీద నాలుగు మూలలు గుర్తుపెట్టి గ్రిడ్ పరిచాను. మొదట ఎర్రగా వచ్చింది, అంటే మూలలు సరిగ్గా లేవు. కిటికీ చట్రానికి సరిపోయేలా జరిపితే నీలంగా మారింది. ఇక లోపలి స్టాంప్ టూల్‌తో ఆల్ట్ పట్టుకుని సజ్జ అంచు మీదే క్లిక్ చేసి, బ్రష్‌లో కనిపించే ముక్క అంచును అసలు అంచుతో కలిపాకే అద్దాను. ముక్క దూరానికి తగ్గట్టు తానే చిన్నదైంది.

అయినా స్తంభం వెనుక కిటికీ కుడి మూల ఎలా ఉందో ఫోటోలో లేదు. లేనిది ఊహించి గీయడానికి మనసొప్పలేదు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినాయన చూసే ఫోటో అది. మర్నాడు పొద్దున, అదే ఎండ ఉన్న వేళకు మళ్లీ వెళ్లి, రెండడుగులు ఎడమకు జరిగి ఇంకో ఫోటో తీశాను. స్తంభం పక్కకు తప్పుకుంది, మూల బయటపడింది. చట్రం మీద విరిగిన చెక్క పెచ్చు, మేకు కొట్టిన గుర్తు కూడా కనిపించాయి. ఆ ముక్కను తెచ్చి, ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్‌లో డిస్టార్ట్‌తో మూలలు లాగి కూర్చోబెట్టాను.

చివర్లో వేరే లేయర్ మీద పిట్టగోడ పొడవునా సన్నని ఎర్ర గీత గీసి పోల్చాను. ఒక చోట అంచు రెండు పిక్సెళ్లు కిందికి దిగి ఉంది, సరిచేశాను. ఫోటోను అద్దంలోలా ఎడమకుడిగా తిప్పి చూసినప్పుడు ఇంకోటి కంటపడింది. తీగలు పోయినా, వాటి నీడలు గోడ మీద సన్నగా అలాగే ఉన్నాయి. వాటికి ఇంకో గంట పట్టింది.

ప్రింట్ తీసుకోవడానికి తమ్ముడి వెంట వాళ్ల నాయిన కూడా వచ్చారు. చాలాసేపు చూసి, "కిటికీ మూలకు ఆ మేకు నేనే కొట్టిన, లాంతరు తగిలెయ్యనీకి" అన్నారు. కాసేపాగి, "స్తంభం ఉన్నది గూడ ఒకటి ఇయ్యి బిడ్డా, నా సైకిల్ దానికే ఆనిచ్చెటోణ్ణి" అన్నారు. పై లేయర్లన్నిటి కన్ను మూసి, రెండోది కూడా ప్రింట్ తీసిచ్చాను.