నాన్న పసుపు, ఒక్క లాట్ ఫ్యూచర్స్ - నా అనుభవం

నేను కూకట్‌పల్లిలో ఉంటా, జాబ్ ఇక్కడే. నాన్న ఆర్మూర్ దగ్గర మా ఊళ్లో నాలుగెకరాల్లో పసుపు వేస్తడు. పసుపు అంటే తెలిసినోళ్లకి తెలుసు, జూన్‌ల పెడితే తవ్వేసరికి జనవరి ఫిబ్రవరి, తర్వాత ఉడకబెట్టుడు, కళ్లంల ఆరబెట్టుడు, పాలిష్ పట్టుడు, అన్నీ అయి నిజామాబాద్ యార్డ్‌కి పోయేసరికి మార్చి. మొత్తం పంట ఒక్క నెలల అందరిదీ ఒకేసారి వస్తది, ధర ఆ నెలలనే పడుతది. ప్రతి ఏడాది డిసెంబర్‌ల నాన్న ఫోన్ చేసి "ఇప్పుడున్న ధర మార్చి దాకా ఆగుతదా బిడ్డా" అని అడుగుతడు, నా దగ్గర జవాబు ఉండదు. మొన్నటి పంటకి మాత్రం జవాబు కోసం ఎదురుచూడకుండ ధరని ముందే పట్టి పెట్టే పని చేసినం, దీన్నే హెడ్జ్ అంటరు. ఎట్ల చేసినం, ఎక్కడ చిక్కులొచ్చినయి అన్నీ రాస్తున్న, పసుపు పండించే ఇండ్ల నుంచి ఇక్కడికొచ్చి జాబ్ చేసేటోళ్లు చాలామంది ఉన్నరు కదా.

పంట సరుకుల ఎక్స్ఛేంజ్ ఎన్‌సీడెక్స్‌ల పసుపు ఫ్యూచర్స్ ఉంటది, స్క్రీన్ మీద పేరు TMCFGRNZM, డెలివరీ సెంటర్ నిజామాబాదే. ఒక లాట్ 5 టన్నులు అంటే 50 క్వింటాళ్లు, ధర క్వింటాల్ లెక్కన కనిపిస్తది. డిసెంబర్ మొదటి వారంల ఏప్రిల్ కాంట్రాక్ట్, అంటే ఏప్రిల్‌ల ముగిసేది, 13,400 దగ్గర నడుస్తున్నది. మనం చేసేది ఏందంటే ఆ ఏప్రిల్ కాంట్రాక్ట్‌ని ఇప్పుడే అమ్మి పెట్టుకుంటం, చేతిల సరుకు లేకపోయినా సరే. మార్చిల మన అసలు పసుపుని యార్డ్‌ల అమ్మిన రోజు ఈ కాంట్రాక్ట్‌ని తిరిగి కొనేస్తం. మధ్యల ధర పడితే యార్డ్‌ల తక్కువ వస్తది కానీ ఎక్కువకి అమ్మిన కాంట్రాక్ట్‌ని తక్కువకి కొన్నం కాబట్టి ఆ తేడా మన అకౌంట్‌ల పడుతది. ధర పెరిగితే దీనికి ఉల్టా, కాంట్రాక్ట్‌ల పోతది, యార్డ్‌ల వస్తది. నాన్నకి ఇది ఫోన్‌ల అస్సలు ఎక్కలే. ఆయన హైదరాబాద్ వచ్చినప్పుడు బేగంబజార్‌ల ఒక పసుపు హోల్‌సేల్ షాప్ ముందు నిలబడి చెప్పిన, షాపు ఆయన కూడా మధ్యల కల్పించుకొని "మీరు ఇయాల నాకు మాట ఇస్తే నేను మార్చి ధర ఇయాలనే చెప్తా, అదే ఇది, కాకపోతే నా బదులు ఎక్స్ఛేంజ్ మధ్యల ఉంటది, నేను మాట తప్పినా అది తప్పదు" అన్నడు, అప్పుడు నాన్న పట్టుకున్నడు.

ఎన్ని లాట్లు అన్నదే అసలు నిర్ణయం. నాలుగెకరాల మీద మాకు ఎండు పసుపు 80 నుంచి 90 క్వింటాళ్లు వస్తది, అందుల పొడుగ్గ ఉండే కొమ్ము 60 దాకా, మిగతాది గుండ్రటి గోళ. కాంట్రాక్ట్ కొమ్ముకి, గోళకి కాదు, రెండింటి ధర యార్డ్‌ల వేరే పలుకుతది. పైగా డిసెంబర్‌ల పంట ఇంకా భూమిలనే ఉన్నది, దుంపకుళ్లు వచ్చి సగం పోయినా పోతది. పంట తక్కువొచ్చి అమ్మిన కాంట్రాక్ట్ ఎక్కువున్నదంటే, ధర పెరిగినప్పుడు ఆ ఎక్కువ దాని మీద పోయే పైసలకి ఎదురుగా అమ్మడానికి మన దగ్గర సరుకే ఉండదు. అందుకే ఒక్కటే లాట్, 50 క్వింటాళ్లు. బ్రోకర్ ఆఫీసు నుంచి ఒకతను ఫోన్ చేసి "రెండు లాట్లు చేయండి మేడమ్, మొత్తం కవర్ అయితది" అన్నడు. మొత్తం అంటే ఎంత అని ఆయన ఒక్కసారి కూడా అడగలే, నాకు అక్కడనే కోపం వచ్చింది.

అకౌంట్ నాన్న పేరు మీదనే తెరిచినం, పంట ఆయనది కాబట్టి. కమోడిటీ సెగ్మెంట్ కోసం ఆదాయం రుజువు అడిగిండ్రు, ఐటీ రిటర్న్ లేదు కానీ ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ పెడితే అయిపోయింది. లాగిన్ ఓటీపీ మాత్రం నాన్న ఫోన్‌కే వస్తది, ఆయన చేన్ల ఉంటడు, నేను ఇక్కడ స్క్రీన్ ముందు కూర్చొని ఫోన్ చేస్తే, చేతులు మట్టిల ఉన్నయి ఆగు అని, తుడుచుకొని ఒక్కో అంకె చదివేవాడు, అప్పటికి ఓటీపీ టైమ్ అయిపోయేది, మళ్లీ పంపించాలె.

మొదటి రోజే ఒక దెబ్బ తిన్నం. ఆర్డర్ పెట్టేటప్పుడు స్క్రీన్ మీద MIS, NRML అని రెండు ఉంటయి. ముందే సెలెక్ట్ అయి ఉన్నది MIS, అంటే ఆ రోజుకి మాత్రమే, మార్కెట్ మూసే ముందు బ్రోకర్ వాళ్లే దాన్ని తిరిగి కొనేస్తరు. నేను చూసుకోలే, సాయంత్రం కల్లా మా లాట్ మాయం, చిన్న నష్టం కూడా పడ్డది. నెలల తరబడి పట్టి ఉంచే హెడ్జ్‌కి NRML ఉండాలె. రెండో రోజు మళ్లీ పెట్టినం, ఈసారి లిమిట్ ఆర్డర్, అంటే మనం పెట్టిన ధర వస్తేనే అమ్ముడు, ఎందుకంటే డిసెంబర్‌ల ఏప్రిల్ కాంట్రాక్ట్‌ల కొనేటోళ్లు తక్కువ, కొనే ధరకి అమ్మే ధరకి మధ్య గ్యాప్ పెద్దగ ఉంటది, దొరికిన ధరకే అమ్మేసే మార్కెట్ ఆర్డర్ కొడితే ఆ గ్యాప్ మన జేబు నుంచే పోతది. 13,400 పెట్టి గంటన్నర ఎదురుచూసినం, అమ్ముడుపోయింది. లాట్ విలువ 6,70,000, మార్జిన్ కింద, అంటే హామీగ, సుమారు 95 వేలు బ్లాక్ అయింది. మేము చిట్టీ పైసలు కలిపి లక్షన్నర వేసి ఉంచినం.

ఇగ అసలు పరీక్ష జనవరిల. ధర పెరుగుడు మొదలైంది. ఫ్యూచర్స్‌ల లెక్క పంట రోజు దాకా ఆగదు, ప్రతి సాయంత్రం చూసుకుంటరు, ఆ రోజు 100 పెరిగితే మన అకౌంట్ నుంచి 5,000 అప్పుడే పోతది, తగ్గితే అప్పుడే వస్తది. జనవరి మధ్యకి 14,650 అయింది, అంటే క్వింటాల్‌కి 1,250 లెక్కన 62,500 పోయినయి. లక్షన్నర కాస్త 87,500 అయింది, ధర పెరిగింది కాబట్టి మార్జిన్ కూడా లక్ష దాటింది, అకౌంట్ల తక్కువ పడ్డది, పైసలు వేయండి లేకపోతే మేమే పొజిషన్ కోసేస్తం అని మెసేజ్. నాన్న ఫోన్ చేసి "పసుపు ధర పెరిగితే సంబురపడాలె గదా బిడ్డా, మనం ఏంది పైసలు కడుతున్నం" అన్నడు. ఆ మాటకి రాత్రంతా నిద్ర పట్టలే. నిజానికి లెక్క తప్పలే, మా చేన్ల ఉన్న కొమ్ము విలువ కూడా అంతే పెరిగింది, కాకపోతే ఆ పెరిగింది భూమిల ఉన్నది, కట్టాల్సింది ఇయాల బ్యాంకుల. కట్టలేక మధ్యల పొజిషన్ తెగిపోతే ఆ 62 వేలు పక్కాగ పోయినట్టే, తర్వాత ధర పడితే కాపాడేది కూడా ఏం ఉండదు. నా సేవింగ్స్ నుంచి ఇంకో 50 వేలు వేసిన. ఆఫీసుల ఒక ఫ్రెండ్ "నష్టంల ఉన్నది కదా తీసేయ్" అన్నడు, షేర్లు ఆడేటోళ్లకి ఆ మాట సరే కానీ మాకు ఎదురుగా నాలుగెకరాల పంట ఉన్నది, ఆ పంట అమ్మేదాక ఇది తీసేది కాదు.

ఫిబ్రవరి నుంచి కొత్త పసుపు యార్డ్‌కి రావడం మొదలైంది, ధర జారుకుంట వచ్చింది. మార్చి మూడో వారంల మాది రెడీ అయింది, కొమ్ము 58 క్వింటాళ్లు. నేను లీవ్ పెట్టి పోయిన. పొద్దున యార్డ్‌ల రాశి పోస్తే అడ్తి అంటే కమిషన్ ఏజెంట్ దగ్గర కొనేటాయన ఒక కొమ్ము తీసి విరిచిండు, టక్కుమని విరగలే, కొంచెం వంగింది. మబ్బులు పట్టి నాలుగు రోజులు సరిగ్గ ఆరలే మాది, తేమ మిగిలింది. 11,400 దగ్గర ఆగింది బేరం. అదే టైమ్‌కి ఏప్రిల్ ఫ్యూచర్ 11,900. నాన్న పక్కనే ఉన్నడు కాబట్టి ఓటీపీ ఈసారి వెంటనే వచ్చింది, అమ్మిన లెక్క చీటీ తక్‌పట్టీ చేతికి రాంగనే అక్కడనే నిలబడి లాట్ తిరిగి కొనేసినం.

లెక్క ఇది. 13,400కి అమ్మి 11,900కి కొన్నం, క్వింటాల్‌కి 1,500, 50 క్వింటాళ్లకి 75,000 వచ్చింది, జనవరిల పోయినవి కూడా తిరిగొచ్చి పైన ఇవి. యార్డ్‌ల 11,400, దానికి 1,500 కలిపితే ఆ 50 క్వింటాళ్లకి మాకు పడ్డది 12,900. బ్రోకరేజ్, చార్జీలు అన్నీ కొన్ని వందలల్ల అయిపోయినయి. హెడ్జ్ లేని 8 క్వింటాళ్లకి, గోళకి మాత్రం యార్డ్ ధరే.

13,400 లాక్ చేసినమని అనుకుంటే 12,900 ఎందుకొచ్చింది అంటే, లాక్ అయ్యేది ఫ్యూచర్ ధర, మన యార్డ్‌ల మన సరుకుకి పలికేది వేరే. ఈ రెండింటి తేడానే బేసిస్ అంటరు. నేను ముందే మా పాత తక్‌పట్టీలు తీసి అవే రోజుల ఫ్యూచర్ ధరల పక్కన పెట్టి చూసిన, మాది మామూలుగ 300 తక్కువ పలుకుతది, అందుకే 13,100 వస్తదని నాన్నకి చెప్పిన. తేమ వల్ల ఆ 300 కాస్త 500 అయింది. ఆ 200ని ఏ ఫ్యూచర్స్ కాపాడలే, కళ్లంల ఇంకో నాలుగు రోజుల ఎండ ఉంటే కాపాడేది.

ఇంకోటి కూడా నాన్నకి ముందే చెప్పి పెట్టిన. మార్చిల ఫ్యూచర్ 15,000 అయి యార్డ్‌ల మాకు 14,500 వచ్చి ఉంటే, కాంట్రాక్ట్‌ల 1,600 పోయి అప్పుడు కూడా మాకు 12,900 మిగిలేది. పక్క చేను ఆయన 14,500 లెక్కబెట్టుకుంటుంటే మేము చూస్తూ ఉండేవాళ్లం. దానికి ఒప్పుకుంటేనే చేద్దాం అన్న, నాన్న రెండు రోజులు ఆలోచించి "పంట లోన్ కట్టి, కూలీలు పోను మిగులుతదంటే సరే" అన్నడు.

కొనేసిన రోజు సాయంత్రం యార్డ్ బయట చాయ్ తాగుతుంటే నాన్న దోస్తు ఒకాయన "ధర ఇంకా పడుతది, తొందరపడి ఎందుకు కొన్నరు, ఉంచితే ఇంకా వచ్చేది" అన్నడు. పంట అమ్మేసినంక ఆ లాట్ ఉంచితే అది ఇగ హెడ్జ్ కాదు, ఒట్టి పందెం, అమ్మడానికి మన దగ్గర కొమ్ము లేదు. పైగా ఈ కాంట్రాక్ట్‌కి చివర్ల డెలివరీ తప్పనిసరి, ఏప్రిల్ 20 ఎక్స్‌పైరీ దాకా అట్లనే ఉంచితే ఎక్స్ఛేంజ్ చెప్పిన గోదాంల, వాళ్ల క్వాలిటీకి సరిపోయే 5 టన్నుల సరుకు అప్పజెప్పాలె. నాన్ననే ఆయనకి జవాబు చెప్పిండు, "మా దగ్గర ఇంక ఏమున్నదని ఉంచాలె" అని.

ఇప్పుడు మళ్లీ పసుపు పెట్టినం. ఈసారి మార్జిన్ కోసం రెండున్నర లక్షలు పక్కకి పెట్టినంకనే లాట్ అమ్ముదాం అనుకున్నం. పోయిన ఏడాది లాభం 75 వేలు మాత్రం మా ఆడిటర్ బిజినెస్ ఇన్‌కమ్‌ల చూపించిండు, పంట అమ్మిన పైసల లెక్క అది పన్ను లేని వ్యవసాయ ఆదాయం కాదన్నడు, అందుకే నాన్న పేరు మీద మొదటిసారి రిటర్న్ వేసినం. దానికి కూడా ఓటీపీ నాన్న ఫోన్‌కే వచ్చింది, చేన్ల నుంచే చదివిండు.