ఆ సొట్టలు ఎక్కడివి?

నీళ్లు తోడేసిన తొట్టిలో తలకిందులుగా ఉంది, మానిటర్ ఓడ ఫిరంగి బురుజు. ఎనిమిది పొరల ఇనుప రేకులు. వాటి మీద సొట్టలే తప్ప ఒక్క రంధ్రమూ లేదు. అమెరికాలోని న్యూపోర్ట్ న్యూస్ ఊరి మ్యూజియంలో ఇవాళ చాలాసేపు వాటినే చూశాను.

ఆ సొట్టలు అమెరికా అంతర్యుద్ధంలో, 1862 మార్చి 9న పడ్డవి. నన్ను పట్టుకున్నది మాత్రం ముందు రోజు సంగతి.

మానిటర్ లాగే ఉత్తరాది పక్షానిదైన కంబర్లాండ్ అనే చెక్క ఓడ ఈ ఊరి దగ్గర్లోనే లంగరు వేసి ఉంది. ఆవిరి యంత్రం లేదు, తెరచాపలే దిక్కు. ఇనుప కవచం తొడిగిన దక్షిణాది ఓడ వర్జీనియా మీదకు వస్తుంటే తప్పుకునే దారి లేకపోయింది. పేల్చిన గుండ్లు వాలు కవచం మీద జారిపోయాయి. వర్జీనియా తన ఇనుప ముక్కుతో పొడిచింది. కంబర్లాండ్ మునిగేదాకా కాలుస్తూనే ఉంది. ధైర్యానికి లోటు లేదు, పాపం! తర్వాత మరో తెరచాప ఓడ కాంగ్రెస్ తప్పించుకోబోయి ఇసుకలో కూరుకుపోయి, మంటల్లో కాలిపోయింది.

విచిత్రమేమిటంటే, ఆ వర్జీనియా కూడా కాలిపోయిన చెక్క ఓడ అడుగుభాగం మీద కట్టినదే. వెనక్కి తిరగడానికి అరగంట పట్టేదట!

ఆ రాత్రే మానిటర్ వచ్చింది. మర్నాడు అదీ వర్జీనియా గంటల తరబడి కొట్టుకున్నా రెండూ మునగలేదు. మానిటర్ ఫిరంగుల్లో తుపాకిమందు సగమే కూరారు. పేలిపోతాయేమోనని పైవాళ్ల ఆదేశం. నిండుగా కూరి ఉంటే వర్జీనియా కవచం పగిలేదని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. నేనూ ఆ పక్షమే.