12.1 దగ్గర ఆపిన రక్తదానం

కోనసీమ ఊళ్లలో రక్తదాన శిబిరం పెట్టినప్పుడల్లా హిమోగ్లోబిన్ చూసే బల్ల దగ్గర కూర్చునేది నేనే. బ్లడ్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. "పాయింట్ నాలుగే కదండీ తక్కువ, రాసెయ్యండి" అనే మాట అక్కడ తరచూ వింటాను. రాజోలు వైపు నుంచి వచ్చిన ఒక దాత అలా అడిగినప్పుడు ఏం చేశామో మొదటి నుంచి చెబుతాను. రక్తం ఇవ్వాలంటే వంద మి.లీ. రక్తంలో హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలి. ఆ అంకె వెనకున్న లెక్కంతా ఆయన ఒక్కడి విషయంలోనే కనబడుతుంది.

మనిషికి 34 ఏళ్లు, 62 కిలోల బరువు. వరి చేను, కొంచెం కొబ్బరితోట. మూడు నెలలు నిండగానే వచ్చి ఇచ్చి వెళ్లే దాత, కార్డు నిండా తేదీలే. బీపీ 122/78, నాడి 76, జ్వరం లేదు, పొద్దున్నే ఇడ్లీ తిని వచ్చాడు. కిందటిసారి ఇచ్చి 96 రోజులైంది. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడువు కాబట్టి అక్కడా తేడా లేదు. వేలు పొడిచి చూస్తే మిషన్ 12.1 చూపించింది.

"చెయ్యి చల్లగా ఉందేమో మేడమ్, ఇంకో వేలు చూడండి" అన్నాడు. అది సరైన మాటే. వేలి దగ్గర పొరపాటు జరగడం మామూలే. స్పిరిట్ ఆరకముందే పొడిచినా, చుక్క రాలేదని వేలు గట్టిగా పిండినా, కండలోని నీరు రక్తంలో కలిసి అంకె తగ్గుతుంది. అందుకని చేతులు రుద్దుకోమని, రెండో చేతి ఉంగరం వేలికి స్పిరిట్ రాసి పూర్తిగా ఆరనిచ్చి, వేలి కొసన మధ్యలో కాకుండా పక్కగా పొడిచాను. మొదటి చుక్క తుడిచేసి, తనంతట తాను ఊరిన రెండో చుక్క తీసుకున్నాను. ఈసారి 12.2. ఇక అది వేలి తప్పు కాదు.

మిషన్ లేని చోట కాపర్ సల్ఫేట్ నీలి ద్రావణంలో చుక్క వేసి చూస్తారు. దాని సాంద్రత 1.053 ఉండాలి. చుక్క 15 సెకన్లలోపు మునిగితే 12.5 ఉన్నట్టే. చుక్కలో గాలిబుడగ ఉంటే బాగున్న రక్తం కూడా తేలుతుంది. ఒకే ద్రావణంలో మరీ ఎక్కువమందిని పరీక్షిస్తే దాని సాంద్రత మారిపోతుంది. 30 మి.లీ.కి 25 మంది దాటకుండా మార్చెయ్యాలి. ఈ పద్ధతి ఉందో లేదో చెబుతుందే తప్ప ఎంత ఉందో చెప్పదు. మిషన్ మేలనేది అందుకే.

"ఒంట్లో ఏ నలతా లేదండి, నిన్ననే గట్టు వేశాను" అన్నాడు. నిజమే చెప్పాడు. రక్తంలో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో నిండిపోతుంది. ఎర్రకణాలు తయారవడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఇనుము నిల్వ తిరిగి చేరడానికి మాత్రం నెలలు కావాలి, అది తగ్గుతున్నట్టు మనిషికి తెలియను కూడా తెలియదు. కార్డు వెనక లెక్క వేసి చూపించాను. 450 మి.లీ. రక్తంలో 60 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుందనుకోండి. గ్రాముకు 3.4 మి.గ్రా. చొప్పున సుమారు 200 మి.గ్రా. ఇనుము సంచితో పాటు వెళ్లిపోతుంది. ఏడాదికి నాలుగుసార్లంటే 800. అంటే మామూలుగా పోయే ఒక మిల్లీగ్రాము కాక రోజుకు ఇంకో రెండు మిల్లీగ్రాముల పైచిలుకు ఒంటికి పట్టాలి. మన తిండిలోంచి పట్టేదే రోజుకు ఒకటీ రెండు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అదీ తగ్గుతుంది, ఈయనకు ఆ అలవాటు ఉంది. 90 రోజులనేది అంతకన్నా ముందు ఇవ్వకూడదని చెప్పే గడువు. ఆలోపు ప్రతి ఒంట్లోనూ నిల్వ నిండుతుందన్న హామీ అందులో లేదు.

తీసుకునేవాళ్ల వైపు నుంచీ చూడాలి. 350 మి.లీ. సంచిలో 13.5 ఉన్న దాత రక్తమైతే 47 గ్రాముల హిమోగ్లోబిన్ వస్తుంది, 12.1 అయితే 42, పది అయితే 35. ఒక్క సంచిలో ఆ తేడా పెద్దగా అనిపించదు. కానీ తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాలి. సంచుల్లో సరుకు తక్కువైనకొద్దీ ఎక్కించాల్సిన సంచులు పెరుగుతాయి. ప్రతి సంచీ మరో కొత్త మనిషి రక్తం. రియాక్షన్లకూ ఇన్ఫెక్షన్లకూ అది ఇంకో దారి.

బరువు నియమం కూడా ఇలాంటిదే. 350 మి.లీ.కి కనీసం 45 కిలోలు, 450కి 55 దాటాలి. 45 కిలోల మనిషిలో ఉండేదే మూడు లీటర్ల పైచిలుకు. దాంట్లో 450 లాగితే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. మధ్యలో ఆపేస్తే సంచీ పనికిరాకపోవచ్చు. 350 సంచిలో 49 మి.లీ. గడ్డకట్టకుండా చేసే మందు ముందే పోసి ఉంటుంది. రక్తం సగమే పడితే మందు పాళ్లు ఎక్కువైపోతాయి.

ఆయనతో వచ్చిన కుర్రాడి హిమోగ్లోబిన్ 15.2. కానీ రెండు నెలల కిందట అంతర్వేది తీర్థంలో చేతిమీద పచ్చబొట్టు వేయించుకున్నాడు. ఏడాది దాకా కుదరదన్నాను. "టెస్టులు చేస్తారుగా అక్కా?" అన్నాడు. ప్రతి సంచికీ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేస్తాం. అయినా ఆ సూది వల్ల హెపటైటిస్ సి సోకి ఉంటే యాంటీబాడీలు కనబడడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. ఆ లోపల పరీక్ష నెగటివ్ అంటుంది, రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ సంచిని ఎర్రకణాలుగా, ప్లాస్మాగా విడదీస్తే ఇద్దరికి ఎక్కుతుంది.

మళ్లీ 12.1 దగ్గరికి. మగవాడికి హిమోగ్లోబిన్ తగ్గితే ఇనుము మాత్రలిచ్చి పంపేస్తే సరిపోదు. ఎక్కడైనా రక్తం పోతోందేమో చూడాలి. మొలలు, కడుపులో పుండు, రోజూ నొప్పి మాత్రలు వేసుకోవడం, ఇవన్నీ శిబిరం డాక్టరు గారు అడిగారు. చెప్పులు లేకుండా చేలోకి దిగుతావా అని కూడా అడిగారు. తడి మట్టిలోని కొంకి పురుగు పిల్లలు అరికాలి చర్మం గుండానే లోపలికి పోతాయి, పేగుకు పట్టుకుని రక్తం పీలుస్తాయి. పరీక్షల్లో మలంలో ఆ గుడ్లు కనబడ్డాయి. ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్ 9, ఎర్రకణాల సైజు చూపే ఎంసీవీ 74. ఫెరిటిన్ 15 కన్నా తగ్గితే నిల్వ అయిపోయినట్టే. ఫెరిటిన్ బాగానే ఉండి ఎంసీవీ మాత్రమే తక్కువగా ఉంటే తలసీమియా ట్రెయిట్ అనుమానించి ఇంకో పరీక్ష చేయించేవాళ్లం. అలాంటివాళ్లకు ఇనుము మింగిస్తే లాభం లేదు.

డాక్టరు గారు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్క మాత్ర, తర్వాత ఐరన్ మాత్రలు రోజు విడిచి రోజు రాశారు. పరగడుపున నిమ్మరసంతో వేసుకోమని, టీకి గంట ఎడం ఇవ్వమని చెప్పారు. మలం నల్లగా వస్తుందని ముందే చెప్పాలి, లేకపోతే భయపడి చాలామంది మానేస్తారు. ఆకుకూరల్లోని ఇనుముకన్నా కార్జం, చేపల్లోది ఒంటికి బాగా పడుతుందని నేను చెప్పాను.

నాలుగు నెలల తర్వాత వచ్చినప్పుడు 13.8 ఉంది. ఫెరిటిన్ 31. బరువును బట్టి 450 తీసుకోవచ్చు గానీ 350 సంచే పెట్టాం. కార్డు మీద తర్వాతి తేదీ మూడు నెలలకు కాకుండా ఆరు నెలలకు రాసి, మాత్రలు ఇంకో రెండు నెలలు వాడమన్నాం.