ఛయాళిశ, చాళిశ: అన్నయ్య కోసం ఫ్లాట్ల వీడియోలు చూసి రాసిపెట్టిన నా అనుభవం

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి "సరేలే చెల్లీ, ఇప్పుడు లెక్క కుదిరింది" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు అన్నం సహించింది. వారం రోజులుగా నేను పడ్డ అవస్థ మనసులో పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

అన్నయ్య సూరత్‌లో బట్టల మిల్లులో సూపర్‌వైజరు. వచ్చే ఏడాది బరంపురం వచ్చేసి అమ్మను తన దగ్గరే ఉంచుకోవాలని ఫ్లాటు వెతుకుతున్నాడు. అతనికి సెలవు దొరకదు. అందుకని మా ఆయన బ్రోకరుకి చెప్పి, మూడు ఫ్లాట్లూ తిరిగి ఫోన్‌లో వీడియో తీశారు. ఒక్కోటి ముప్పావు గంట. "అవన్నీ నేను చూడలేను. ఒక్కోదానికి ఒక్క కాగితం రాసి పంపు, పక్కపక్కన పెట్టుకుని తేల్చుకుంటాను" అన్నాడు అన్నయ్య.

మూడోదాని పని పది నిమిషాల్లో అయిపోయింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, అమ్మకి మోకాళ్లు నొప్పులు. రెండోది లోచాపడా వైపు ఉంది. పాతదే అయినా గోడలు శుభ్రంగా ఉన్నాయి, వంటింటి కిటికీ తలుపొకటి ఊడింది, అంతే. చిక్కంతా మొదటిదానితోనే వచ్చింది. అది అంబపువా దగ్గర, రెండో అంతస్తు.

ఆ వీడియోలో పదిహేడో నిమిషం దగ్గర పడకగది గోడ కనిపిస్తుంది. అడుగు ఎత్తు వరకు కొత్త రంగు, పైన పాత రంగు. కొత్త రంగు మీద అప్పుడే బుడగలు లేచాయి, నేల అంచున తెల్లటి పొడి రాలి ఉంది. "వాన నీళ్లు దిగాయండీ, బాగు చేయించేశారు" అని బ్రోకరు గొంతు వినిపిస్తుంది. మొదట నేనూ "వాన చెమ్మ, బాగు చేయించారు" అనే రాసేశాను. తర్వాత అనుమానం వచ్చి ముందుకు జరిపి చూస్తే, ఇరవై మూడో నిమిషంలో బాత్రూం వచ్చింది. ఆ గోడకి అవతలి వైపే కుళాయి ఉంది. పైగా అది బయటి గోడ కాదు, వాన తగిలే చోటే కాదు. వాన నీళ్లయితే బయటి గోడలో కిటికీ మూలల నుంచో, పైకప్పు నుంచో కిందికి దిగుతాయి. ఇది నేల నుంచి పైకి ఎక్కింది. అంటే బాత్రూం నేలలోంచి నీళ్లు ఇంకుతున్నట్టుంది. అదే నిజమైతే టైల్సు పగలగొట్టి కింద వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేయాల్సిందే, రంగు పూస్తే వానాకాలం కూడా ఆగదు.

అందుకే కాగితంలో ఆ వాక్యం కొట్టేసి రెండుగా రాశాను. "కనిపించింది: అడుగు ఎత్తు వరకు బుడగలు, తెల్ల పొడి, 17వ నిమిషం. బ్రోకరు అన్నది: వాన చెమ్మ, బాగైంది." కంటితో చూసినదీ, నోటితో చెప్పినదీ ఒకే వాక్యంలో కలిపేస్తే, చదివేవాళ్లకి బ్రోకరు మాట మన మాటై పోతుంది. ఇది నాకు నేనుగా తెలుసుకున్నాను, ఈ విషయంలో నాకు గర్వమే. మా వీధిలో ఇద్దరు ఇప్పటికే తమ వాళ్ల కోసం ఇలాగే రాసిపెట్టమని అడిగారు.

ఇక ధర. నా తల దించుకునేలా చేసింది ఇదే.

ధర మాటలు ఇంట్లో జరగలేదు. యజమాని, బ్రోకరు మెట్ల మీదకి వచ్చాక ఒడియాలో మాట్లాడుకున్నారు. కింద ఎవరిదో మోటారు మోగుతోంది. నాకు "చాళిశ" అని వినిపించింది. ఒడియాలో చాళిశ అంటే నలభై. "అడిగిన ధర 40 లక్షలు" అని రాసేశాను. ఆ వెనకే యజమాని "కిఛి దెఖిబా" అన్నారు. దాన్ని "కొంత తగ్గిస్తారు" అని రాశాను. నేను పలాస పిల్లని, పెళ్లయ్యాక నేర్చుకున్న ఒడియా నాది. పక్కనే ఉన్న మా ఆయనని ఒక్కసారి వినమని అడగాల్సింది. అడగలేదు.

అన్నయ్య ఆ కాగితం చూసి సంతోషపడ్డాడు. లోచాపడా ఫ్లాటు వాళ్లకి వద్దని చెప్పేశాడు. బ్రోకరుకి ఫోన్ చేసి 38కి ఇప్పించమన్నాడు. అరగంటలో బ్రోకరు మా ఇంటికి వచ్చి, అత్తగారి ముందు మా ఆయనతో "మీ ఇంట్లో లెక్క తెలిసినవాళ్లు ఎవరూ లేరా? ఛయాళిశ చెప్తే ముప్పై ఎనిమిది అడుగుతారా?" అని గట్టిగా అన్నాడు. ఛయాళిశ అంటే నలభై ఆరు. ఆరు లక్షలు నా చెవిలో పోయాయి. అత్తగారు ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయారు. అనుంటేనే బాగుండేది. అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పడానికి నాకు సాయంత్రం దాకా ధైర్యం చాలలేదు.

ఆ రాత్రి మొత్తం వీడియో మళ్లీ విన్నాను. మొదటి నాలుగు నిమిషాల్లోనే జవాబు ఉంది. హాల్లో బ్రోకరు "పదకొండు వందల యాభై చదరపు అడుగులు, అడుగు నాలుగు వేలు" అంటాడు. 1150ని 4000తో గుణిస్తే 46 లక్షలే. ఆ ఒక్క గుణకారం ముందే చేసి ఉంటే నలభై అని రాసే చేయి ఆగిపోయేది. మెట్ల దగ్గర మాట సరిగా వినపడకపోయినా లెక్క ఎక్కడో చెప్పే ఉంటారు, దాంతో సరిచూసుకోవాలి. "దెఖిబా" అంటే చూద్దాం, అంతే. తగ్గిస్తానని ఆయన అనలేదు. అందుకే ఇప్పుడు ధర దగ్గర వాళ్లన్న మాట అన్నట్టే, వాళ్ల భాషలోనే రాసి, పక్కన అర్థం పెడుతున్నాను.

ఈ బ్రోకరు మీద నాకు కోపం పోలేదు. ఇల్లంతా తిప్పి గంట మాట్లాడి, ధర మాత్రం మెట్ల మీద గొణిగే మనిషి అతను. వీడియో తీసేవాళ్లకి నేను చెప్పేది, ధర మాట వచ్చినప్పుడు తలుపు వేసుకుని గదిలోనే నిలబడి, "అయితే నలభై ఆరు అన్నమాట" అని తెలుగులో పైకి అనండి. రికార్డులో పడుతుంది, ఎదుటివాళ్లు అవునో కాదో అంటారు.

కాగితం మళ్లీ రాసేటప్పుడు ఇంకోటి సరిచేశాను. బ్రోకరు చెప్పిన 1150లో మెట్లు, లిఫ్టు, కారిడారు వాటా కూడా ఉంది. ఇళ్ల అమ్మకాల మీద 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఇంటి లోపల వాడుకునే నేల, లోపలి అడ్డగోడలతో కలిపి. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. యజమాని చూపించిన ప్లానులో అది 805 అడుగులు. 46 లక్షలని 805తో భాగిస్తే అడుగు దాదాపు 5714 రూపాయలు. లోచాపడాది 41 లక్షల 50 వేలు, లోపల 745 అడుగులు, అంటే అడుగు దాదాపు 5570. నా తప్పుడు నలభైతో మొదటిది 4969కే వచ్చినట్టు కనిపించింది. అన్నయ్య రెండోది వదిలేయడంలో వింతేముంది?

లోచాపడా వాళ్లు మంచివాళ్లు, ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదన్నారు. అన్నయ్య వాళ్లకి మళ్లీ ఫోన్ చేశాడు. అంబపువాదాన్ని కూడా వదలలేదు. బాత్రూం గొట్టం మూసి అంగుళం ఎత్తు నీళ్లు ఒక రోజు నిలబెట్టి, కింద ఫ్లాటు సీలింగు, పడకగది గోడ చూడనిస్తే అప్పుడు ధర మాట్లాడతానన్నాడు. యజమాని వచ్చే ఆదివారం ఒప్పుకున్నారు. మా ఆయనే వెళ్తారు. ఈసారి వీడియో ఆయన పక్కన కూర్చునే వింటాను.