అమ్మ నోటుపుస్తకం

నాకు బైపోలార్ అని డాక్టరు చెప్పిన రోజు అమ్మ అన్న మాట, "మనసు గట్టి చేసుకో నాన్నా, అదే తగ్గిపోతుంది."

అప్పటికి నేను పది రోజులు రాత్రికి మూడు గంటలకు మించి పడుకోకుండా, విజయవాడ వన్‌టౌన్‌లో అప్పు మీద చీరల మూటలు కొని, రెండో కొట్టు తెరుస్తానని అందరికీ చెప్పాను. ఇంట్లో దాన్ని హుషారు అనుకున్నారు. ఆ తర్వాత మూడు నెలలు స్నానానికి లేవడమే భారమైంది. దాన్ని బద్ధకం అనుకున్నారు. రెండూ ఒకే జబ్బని నమ్మించడమే కష్టమైంది. "నాన్న బీపీ మాత్ర మానేసి మనసు గట్టి చేసుకుంటారా అమ్మా?" అని అడిగినప్పుడు ఆవిడ ఆలోచనలో పడింది.

నాకిచ్చిన మందు లిథియం. మేలు చేసే మోతాదుకు, కీడు చేసే మోతాదుకు మధ్య దూరం తక్కువ కాబట్టి రక్తంలో ఎంత ఉందో చూస్తూ ఉండాలి. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకుంటే మర్నాడు ఉదయం తొమ్మిదికి, సరిగ్గా పన్నెండు గంటలకు, రక్తం ఇస్తాను. ఉదయం మాత్ర ఆ తర్వాతే. ముందే వేసుకుంటే అంకె ఎక్కువగా కనబడుతుంది. నాకు 0.6 నుంచి 0.8 మధ్య ఉండాలన్నారు.

పోయిన మే నెలలో ఎండలు మండిపోతున్నప్పుడు నాన్న బీపీ కోసం అమ్మ ఇంటిల్లిపాదికీ కూరల్లో ఉప్పు బాగా తగ్గించింది. నేనేమో మోకాలి నొప్పికి మందుల షాపులో ఐబుప్రొఫెన్ కొని నాలుగు రోజులు వేసుకున్నాను. ఐదో రోజు ఉదయం గ్లాసు పట్టుకుంటే కాఫీ చొక్కా మీద ఒలికింది. వేళ్లు కొద్దిగా వణకడం నాకు మామూలే, ఆ రోజు మాత్రం మణికట్టు దాకా చేయి ఊగింది. విరేచనాలు, మెట్లు దిగుతుంటే తూలుడు. అమ్మ వెంటనే డాక్టరుకు ఫోను చేసింది. మాత్ర ఆపి, పన్నెండు గంటల లెక్క చూడకుండా రక్తం ఇచ్చి రమ్మన్నారు. 1.4 వచ్చింది.

మూత్రపిండాలు లిథియాన్ని ఉప్పులాగే చూస్తాయట. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే ఉప్పుతో పాటు దాన్నీ బయటికి పోనివ్వవు. ఆ నొప్పి మాత్ర కూడా అదే పని చేస్తుంది. సెలైన్ ఎక్కించి, మూత్రపిండాల పరీక్ష చేశారు. వారం తర్వాత అంకె దిగాక, డాక్టరు చెప్పిన మోతాదులో మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. అమ్మ కూరల్లో ఉప్పు అకస్మాత్తుగా పెంచదు, తగ్గించదు.

నా గదిలో దీపం ఎప్పుడు ఆరింది, నేనెప్పుడు లేచాను అని ఆవిడ నోటుపుస్తకంలో రాస్తుంది. వరుసగా రెండు రాత్రులు ఐదు గంటల కన్నా తక్కువ నిద్రపోయి కూడా నాకు అలసట లేకపోతే, నన్ను అడగకుండా డాక్టరుకు చెప్పాలని ముగ్గురం కూర్చుని అనుకున్నాం. జబ్బు తిరగబెట్టే వేళ నాకు నేను బాగున్నట్టే అనిపిస్తుంది కదా. కార్తికంలో అలాగే ఫోను చేసింది. నేను అరిచాను. పరీక్షలో 0.4 వచ్చింది, పనుల హడావుడిలో రాత్రి మాత్రలు మరిచాను.