టేపు నా గొంతు దగ్గరే అయిపోయింది: నా పెళ్లిచూపుల అనుభవం

మొన్న ఆదివారం నా నిశ్చితార్థం అయింది. బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక చిన్న హాలు, వంద మంది బంధువులు. నా ఎత్తు 178 సెంటీమీటర్లు, అంటే 5 అడుగుల 10 అంగుళాలు. ఆయనది 173. ఈ అయిదు సెంటీమీటర్ల తేడాకు మా ఇల్లు ఒప్పుకోవడానికి రెండేళ్లు పట్టింది. మనసులో మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

జాతకం, ఉద్యోగం, కులం, జీతం... వీటితో పెద్ద ఇబ్బంది రాలేదు. వచ్చిందల్లా పెళ్లి సైట్‌లో ఎత్తు నింపే గడి దగ్గరే. నేను 5'10" అని పెడితే అమ్మ దాన్ని 5'7" చేసింది. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు, మూడంగుళాలు ఒక లెక్కా?" అంది. నేను కూడా ఊరుకున్నాను. ఆ తప్పులో నాకూ భాగం ఉంది.

పెళ్లిచూపులు మారతహళ్లిలో మా పిన్ని వాళ్ల ఫ్లాట్‌లో పెట్టుకున్నాం. అబ్బాయి వివరాల్లో 5'10" అని ఉంది. అమ్మ నాకు ముందే చెప్పింది: "వాళ్లు వెళ్లేదాకా కూర్చునే ఉండు. లేవాల్సివస్తే భుజాలు కొంచెం ముందుకు వంచు." కాఫీ ట్రే కూడా పిన్నే తీసుకెళ్లింది. అరగంట అంతా సవ్యంగానే నడిచింది. తర్వాత అబ్బాయి వాళ్ల నాన్న "ఇద్దరూ బాల్కనీలో కాసేపు మాట్లాడుకోండమ్మా" అన్నారు. నేను లేచాను, అతనూ లేచాడు. బూట్లు గుమ్మం బయట విడిచి వచ్చాడు కదా, అతని నడినెత్తి నాకు కనిపిస్తోంది.

అబ్బాయి మేనత్త "ఆగమ్మా" అంది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది. నన్ను జడ ముందుకు వేసుకోమంది, చీర కుచ్చిళ్లు ఎత్తి పాదాలు చూపించమంది, లోపల చెప్పులేమైనా ఉన్నాయేమో అని. లేవు. "అయిదూ ఏడా ఇది?" అని మా అమ్మను అడిగింది. అమ్మ ఏమీ మాట్లాడలేదు.

పిన్ని కుట్టు మిషన్ సొరుగులోంచి టేపు తెచ్చారు. నన్ను పడకగది తలుపు దర్వాజాకు ఆనించి నిలబెట్టారు. బట్టలు కుట్టే టేపు 60 అంగుళాలే ఉంటుంది, అంటే సరిగ్గా 5 అడుగులు. అది నా గొంతు దగ్గరే అయిపోయింది. అబ్బాయి మేనత్త అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, మళ్లీ ఆ గీత నుంచి పైకి కొలిచింది. నా తల మీద చెక్క స్కేలు అడ్డంగా పెట్టి ఇంకో గీత గీసింది. గది నిండా జనం. నేను గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. "పది అంగుళాలు" అని పైకే చదివింది. మా బాబాయి "అబ్బాయిని కూడా కొలుద్దామా అండీ?" అని అడిగారు. "మగపిల్లాణ్ని కొలుస్తారా ఎక్కడైనా?" అని వాళ్ల నాన్న లేచి నిలబడ్డారు. జోడు కుదరదన్నారు, వెళ్లిపోయారు.

వాళ్లు కాదన్నారని నాకు బాధ లేదు. అతను కూడా రెండంగుళాలు కలిపి రాసుకున్నాడు. కానీ మేమే ముందు అబద్ధం చెప్పాం కాబట్టి నిలదీసే హక్కు మాకు లేకుండాపోయింది. ఆ నిమిషంలో నోరు విప్పలేకపోవడమే నన్ను ఇప్పటికీ కోస్తోంది. అమ్మ తడిగుడ్డతో ఆ గీతలు తుడిచింది. పై గీత పూర్తిగా పోలేదు.

ఆ నెలలోనే మెడ కింద, భుజం ఎముకల మధ్య నొప్పి భరించలేక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాను. తొమ్మిదో తరగతి నుంచి వంగి నిలబడటం నాకు అలవాటు. ఆవిడ చేసిన పరీక్ష ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. మడమలు, పిరుదులు, వీపు గోడకు ఆనించి నిలబడాలి. తల వెనుక భాగం తేలిగ్గా గోడకు తగలాలి. నాకు మూడు వేళ్ల సందు మిగిలింది. ప్రయత్నించి నిటారుగా నిలబడితే వీపు తిన్నగా అవుతోంది కాబట్టి ఇది అలవాటు వల్ల వచ్చిన గూని మాత్రమే అన్నారు. ఎంత ప్రయత్నించినా వంపు పోకపోతే, ముందుకు వంగినప్పుడు కూడా ఒకచోట గుట్టలా నిలిచిపోతే, అప్పుడు ఎక్స్‌రే తీయించాలట. గడ్డం లోపలికి లాగి పట్టుకోవడం, రబ్బరు బ్యాండును ఛాతీ వైపు లాగడం, ఈ రెండే రోజూ చేయమన్నారు. మూడు నెలలకు నొప్పి బాగా తగ్గింది.

అక్కడే ఎత్తు కొలిచే కర్ర దగ్గర నేను ఎప్పటిలా నిలబడితే 175 వచ్చింది, నిటారుగా నిలబడితే 178. పదిహేనేళ్లు వంగి నేను దాచగలిగింది మూడు సెంటీమీటర్లు! ఆ మూడింటి కోసం వీపు పాడు చేసుకున్నాను. మీరూ కొలిపించుకుంటే ఉదయమే వెళ్లండి, కొప్పు విప్పి, చూపు నేరుగా ముందుకు పెట్టండి. వెన్నుపూసల మధ్య డిస్కులు పగలంతా నలిగి, సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది.

చెప్పుల సంగతి. నా పాదానికి 9 నంబరు కావాలి. కమర్షియల్ స్ట్రీట్‌లో నేను తిరిగిన దుకాణాల్లో ఆడవాళ్ల చెప్పులు 8తో ఆపేశారు. ఏళ్లపాటు కాగితంలాంటి అట్టతో ఉన్న చెప్పులే వేశాను, ఒక్క అంగుళం కూడా పెరగకూడదని. ఉదయం మంచం దిగితే మడమ నొప్పి. ఇప్పుడు రెండు సెంటీమీటర్ల మడమతో, పాదం వంపుకు ఆసరా ఉన్నవి జయనగర్‌లో కొలతలిచ్చి కుట్టించుకున్నాను. దుకాణంవాడు మగవాళ్ల చెప్పులు చూపిస్తే తీసుకోకండి, వెడల్పు ఎక్కువై పాదం లోపల జారుతుంది.

తర్వాత ప్రొఫైల్ నేనే తెరిచాను. ఎత్తు 5'10" అని సరిచేశాను. "అబ్బాయి 5'11" పైన ఉండాలి" అని అమ్మ పెట్టిన షరతు తీసేశాను. మన దేశంలో మగవాళ్ల సగటు ఎత్తు దాదాపు 165 సెంటీమీటర్లు. నాకంటే పొడుగువాళ్లు అసలే తక్కువ, అందులో కులం, జాతకం, ఊరు కూడా కలవాలంటే ఎవరు మిగులుతారు? అమ్మ నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వచ్చే సంబంధాలు కూడా తగ్గాయి, ఆ మాట దాచను. కానీ వచ్చినవాళ్లు ఎత్తు చూసే వచ్చారు.

ఈ అబ్బాయి మొదటి ఫోన్‌లోనే "నేను అయిదూ ఎనిమిది. మీకు ఫర్వాలేదా?" అని అడిగాడు. ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. ఫర్వాలేదన్నాను.

మా పెద్దమ్మ మాత్రం "పెళ్లిలో అందరూ చూస్తారే" అని గొణుగుతూనే ఉంది. చూసేదేముంది? జీలకర్ర బెల్లం పీటల మీద కూర్చునే పెట్టుకుంటాం. తలంబ్రాలూ కూర్చునే. తాళి కట్టేటప్పుడు ఆయన లేచి నిలబడతారు, నేను కూర్చుని ఉంటాను. పక్కపక్కన నిలబడి జనానికి కనిపించేది ముఖ్యంగా రిసెప్షన్ స్టేజీ మీదే.

నిశ్చితార్థంలో ఫొటోగ్రాఫర్ ఒక చెక్క పీట తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టబోయాడు. ఆయన "వద్దండీ" అన్నారు. "అయితే మేడమ్, మీరు చెప్పులు తీసి కొంచెం మోకాళ్లు వంచండి" అన్నాడు. కొత్తగా కుట్టించిన చెప్పులవి. తీయలేదు, వంగలేదు. అమ్మ స్టేజీ మీదకు వచ్చి నా జడ సర్ది, వీపు మీద చెయ్యి వేసి "అట్లాగే నిలబడు" అంది.