పై లైన్లు పోయాక నా జోకు ఏమైందంటే

ఆ రోజు పొద్దున్నే మా ఫ్రెండ్ వాళ్ళ అక్క ఫోన్ చేసింది. ముందు రోజు సాయంత్రమే వాడికి యాక్సిడెంట్ అయి కాలికి ఆపరేషన్ చేశారు. ఎలా ఉన్నాడో చెప్పడానికే చేసిందనుకుని, "ఎలా ఉన్నాడక్కా?" అన్నాను. "వాడు పోతే నువ్వు నవ్వుతావా?" అంది. నాకేమీ అర్థం కాలేదు. ఫోన్ పెట్టేసి ఒక ఫొటో పంపింది. అందులో నా మెసేజ్‌లు రెండు ఉన్నాయి.

"నువ్వు పోయావంటే ఒక్కడూ ఏడవడు రా. అందరూ పగలబడి నవ్వుతారు."

"నాతో సహా."

ఫొటో కింద ఎవరో నా పేరు రాసి, "మనవాడి మాట చూడండి" అని పెట్టారు. పైన "Forwarded" అని ఉంది.

ఆ మాటలు నావే. నేనే టైప్ చేశాను. అందుకే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎవరో తయారుచేసిన దొంగ ఫొటో అయితే "ఇది నాది కాదు" అనొచ్చు. ఇక్కడ ఆ మాట అనడానికి లేదు. అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. పైనా కిందా ఉన్నవి తీసేశారు, అంతే.

అసలు జరిగింది చెప్తాను. మేమొక నాటకం వేస్తున్నాం. దానికో వాట్సాప్ గ్రూప్ ఉంది. మూడో సీన్‌లో మా వాడిది శవం వేషం, నాది పెద్దకొడుకు వేషం. నేను వాడి మీద పడి ఏడవాలి. నేను ఏడుపు మొదలుపెట్టగానే వాడి పొట్ట కదిలేది, అది చూసి నాకూ నవ్వొచ్చేది. యాక్సిడెంట్‌కి మూడు వారాల ముందు, ఒక రాత్రి గ్రూప్‌లో మెసేజ్‌లు ఇలా నడిచాయి.

9:41కి వాడు: "మూడో సీన్‌లో ఇవాళ కూడా నవ్వు ఆగలేదు. స్టేజి మీద ఏం చేస్తానో ఏమో."

9:43కి మా దర్శకుడు: "ఇంకోసారి నవ్వావంటే శవాన్నే మార్చేస్తా."

9:44కి మాతో నటిస్తున్న ఒకావిడ: "నాన్నకి ఒంట్లో బాలేదు, హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నా. రేపు రిహార్సల్‌కి రాలేను."

9:45కి నేను, వాడి 9:41 మెసేజ్‌కి రిప్లై కొట్టి, పైన చెప్పిన మొదటి మాట. వెంటనే రెండోది.

9:46కి వాడు: "అదే కదా నా భయం." నా రెండో మెసేజ్ కింద వాడు పెట్టిన నవ్వు బొమ్మ కూడా ఉంది.

వరసగా చదివితే ఇది వాడి భయాన్ని వాడితో కలిసి నవ్వుకోవడం. పై లైను తీసేస్తే జోకు పోతుందనుకుంటాం కదా, పోలేదు. క్రాప్ చేసిన ముక్కకి కూడా జనం నవ్వారు. కాకపోతే వాళ్ళు నవ్వింది వేరే జోకుకి. మా జోకులో నవ్వులపాలయ్యేది స్టేజి మీద కదిలే శవం, ఆ పక్కన ఏడవలేని కొడుకు. ముక్కలో మాత్రం ఎవరికీ అక్కర్లేని ఒక మనిషి, వాడి మొహం మీదే ఆ మాట అనేసిన నేను. "నాతో సహా" అన్న మాట దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. మా గ్రూప్‌లో అది నా మీద నేను వేసుకున్న మాట, ఏడవాల్సిన వేషం నాదే కాబట్టి. ముక్కలో అదే మాట అన్నిటికన్నా క్రూరంగా వినిపిస్తుంది. మా నాటకం గురించి తెలియనివాళ్ళకి ఈ రెండో జోకే తొందరగా అందుతుంది, ఎందుకంటే దానికి ముందు కథ అక్కర్లేదు. అందుకే అది అంత వేగంగా తిరిగింది.

మొదట నేను చేసిన పని తప్పు. అక్కకి మళ్ళీ ఫోన్ చేసి నోటితో వివరించబోయాను. "అది నాటకం గురించి అక్కా, వాడు శవం వేషం..." అంటుంటే నాకే అది అప్పటికప్పుడు అల్లిన కథలా వినిపించింది. ఆమె హాస్పిటల్ వరండాలో కూర్చుని ఉంది. వినే ఓపిక లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు.

తర్వాత ఆ ఫొటోని పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను. మామూలుగా మెసేజ్ బాక్స్‌కి మూలలు గుండ్రంగా ఉంటాయి. ఈ ఫొటోలో నా మొదటి మెసేజ్‌కి కింది మూలలు గుండ్రంగానే ఉన్నాయి, పై అంచు మాత్రం కత్తితో కోసినట్టు తిన్నగా ఉంది. అంటే కోత రెండు మెసేజ్‌ల మధ్య పడలేదు, నా మెసేజ్ లోపలే పడింది. గ్రూప్‌లో రిప్లై కొట్టినప్పుడు మిగతావాళ్ళ ఫోన్‌లో పైన మన పేరు, దాని కింద చిన్న పెట్టెలో అవతలి వాళ్ళ మాట, ఆ కింద మన మాట వస్తాయి. పేరూ, పెట్టె రెండూ పోయాయి. ఆ పెట్టె కింది గీత మాత్రం వెంట్రుక మందాన మిగిలి ఉంది. కింది అంచున రెండో మెసేజ్‌కి ఆనుకుని పసుపు రంగులో ఒక చిన్న వంపు కనిపిస్తోంది. అది వాడు పెట్టిన నవ్వు బొమ్మ తల. టైమ్ 9:45 అని ఉంది కానీ ఏ రోజో లేదు. తేదీ ఆ రోజు మెసేజ్‌ల పైన మధ్యలో ఒక్కసారే వస్తుంది, అది ఎప్పుడో తెగిపోయింది. మూడు వారాల కిందటి మాట, ఆపరేషన్ అయిన రాత్రి అన్నట్టు కనిపించడానికి ఆ ఒక్క తేదీ లేకపోవడం చాలు. ఆమెని అంతగా గాయపరిచింది ఇదేనని నాకు తర్వాత తెలిసింది.

ఇక పూర్తి సంభాషణ చూపించాలి. మనుషులకి తోచే మొదటి దారి గ్రూప్ మొత్తాన్ని ఫైల్‌గా తీయడం. నేనూ అదే చేశాను. "Export chat" నొక్కి, "Without media" ఎంచుకుంటే తేదీ, టైమ్, పేరు, మాట వరసగా ఉన్న టెక్స్ట్ ఫైల్ వస్తుంది. పంపేముందు ఒకసారి చదువుదామని తెరిచాను. చదివానే, బతికిపోయాను. ఆ ఫైల్‌లో ఏ మెసేజ్ దేనికి రిప్లైయో ఉండదు. నవ్వు బొమ్మలూ ఉండవు. దాంతో నా మాట తిన్నగా 9:44 మెసేజ్ కింద వచ్చి కూర్చుంది. నాన్నని హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నానని ఒకావిడ చెప్పడం, మరుక్షణం నేను "నువ్వు పోయావంటే ఒక్కడూ ఏడవడు" అనడం! నిజానికి నేను టైప్ చేస్తున్నప్పుడు ఆవిడ మెసేజ్ ఇంకా చూడనే లేదు. ఒక్క అక్షరం కూడా తీసేయని ఫైల్ క్రాప్ చేసిన ఫొటో కంటే పెద్ద అబద్ధం చెప్పేలా ఉంది.

కాబట్టి స్క్రీన్‌షాట్లే కావాలి, అవీ సరిగ్గా తీయాలి. ఇందుకు నా ఫోన్ వాడలేదు. నామీద వచ్చిన మాటకి నా ఫోన్‌లోంచే సాక్ష్యం చూపిస్తే ఎవరు నమ్ముతారు? మా దర్శకుణ్ణి అడిగాను. ఆయన ఫోన్‌లో అయితే నా పేరు కూడా మెసేజ్ మీద కనిపిస్తుంది. తేదీ కనిపించే చోట మొదలుపెట్టి, "అదే కదా నా భయం" దాటి మరో ఐదారు మెసేజ్‌ల వరకు మూడు స్క్రీన్‌షాట్లు తీయమన్నాను. ఒకదాని చివరి మెసేజ్ తర్వాతి దానిలో మొదట మళ్ళీ కనిపించాలని కూడా చెప్పాను. అలా ఉంటే మధ్యలో ఏమీ తీసేయలేదని చూసేవాళ్ళకే తెలిసిపోతుంది.

ఒక అడ్డంకి వచ్చింది. 9:44 మెసేజ్ ఆవిడ ఇంటి విషయం. దాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళకి నేనెలా చూపిస్తాను? ఆవిడకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "మాట ఉంచండి, నా పేరూ నంబరూ కప్పేయండి" అంది. కప్పేటప్పుడు గీతలు గీసే పెన్ను వాడకూడదు. దాని కింద అక్షరాలు వెలుతురు పెంచితే మళ్ళీ కనిపించవచ్చు. పూర్తి నలుపు పెట్టె వేశాం. ఇబ్బందైన భాగాన్ని కోసేయకుండా కప్పితే, అక్కడ ఒకటి ఉందన్న సంగతైనా మిగులుతుంది.

ఇదే మాట, క్రాప్ చేసినతన్ని కనుక్కున్నాక అతనితోనూ అన్నాను. అతను మా గ్రూప్‌లోని కుర్రాడే. యాక్సిడెంట్‌కి రెండు రోజుల ముందు ఆ లైను నచ్చి, తన వేరే స్నేహితులకి చూపిద్దామనుకున్నాడట. ఆవిడ నంబర్ బయటికి పోకూడదని పైభాగం కోశాడట. "నేను మంచికే చేశానన్నా" అన్నాడు. నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఒక గ్రూప్‌లో, తన స్టేటస్‌లో, ఇంకొకరికి విడిగా, మొత్తం మూడు చోట్ల పెట్టాడు. స్టేటస్ 24 గంటల్లో అదే పోయింది. గ్రూప్‌లో పెట్టినదాన్ని అందరికీ పోయేలా తీసేద్దామంటే, దానికి రెండు రోజుల పైచిలుకు గడువు మాత్రమే ఉంటుంది, అది అప్పటికే దాటిపోయింది. గడువు ఉన్నా, అక్కడి నుంచి ఇంకొకరు ఫార్వర్డ్ చేసుకున్న కాపీలు అలాగే ఉంటాయి. ఒక్క విషయం కలిసొచ్చింది. అతను ఫోన్ గ్యాలరీలోనే క్రాప్ చేశాడు కాబట్టి "Revert" నొక్కగానే మొత్తం స్క్రీన్ తిరిగి వచ్చింది. నంబర్ కప్పి దాన్ని ఆ గ్రూప్‌కీ, విడిగా పంపిన మనిషికీ పంపి, "ముందు పంపింది సగమే, తప్పు నాది" అని రాశాడు. ఆ మాట రాయమని నేను అడగలేదు.

అక్కకి మాత్రం ఫోన్‌లో పంపలేదు. మర్నాడు హాస్పిటల్‌కి వెళ్ళాను. స్క్రీన్‌షాట్లు చూపించే ముందు ఒక్క వాక్యం చెప్పాను: "ఇది నాటకంలో వాడు శవంగా, నేను వాడి కొడుకుగా వేసే సీన్ గురించి అక్కా." ఈ సంగతి మా అందరికీ తెలుసు కాబట్టి గ్రూప్‌లో ఎక్కడా ఎవరూ రాయలేదు. మూడు స్క్రీన్‌షాట్లు చూపించినా అది మాత్రం తెరమీద దొరకదు. ఆ వాక్యం తర్వాత ఆమె ఫోన్ తీసుకుని నెమ్మదిగా చదివింది. తేదీ దగ్గర ఆగింది, మళ్ళీ పైకి జరిపి చూసింది. "అదే కదా నా భయం" దగ్గర చాలాసేపు ఆగింది. అది వాడు మాట్లాడే పద్ధతే.

"నాటకం వేస్తున్నాడా వీడు? మాకు చెప్పనేలేదు" అంది.

లోపల మంచం మీంచి వాడు, "చెప్తే చూడ్డానికి వస్తారు కదా" అన్నాడు.

ఆ గ్రూప్ నుంచి ముక్కని ఫార్వర్డ్ చేసుకున్నవాళ్ళలో ఇద్దరెవరో ఇప్పటికీ తెలియలేదు. వాళ్ళ దగ్గర ఆ రెండు మెసేజ్‌లు తేదీ లేకుండా అలాగే ఉన్నాయి.